మ్యాటర్ గుర్తు ఉన్నా ఈ సెన్సర్‌కి హబ్ ఎందుకు కావాలి?

ప్రశ్న: మా ఇంట్లో నెస్ట్ మినీ స్పీకర్ ఉంది. మ్యాటర్ గుర్తు ఉన్న వైఫై ప్లగ్ కొంటే నిమిషంలో కనెక్ట్ అయింది. అదే గుర్తుతో వేరే బ్రాండ్ తలుపు సెన్సర్ కొన్నాను. అది మాత్రం థ్రెడ్ బోర్డర్ రూటర్ కావాలని చెప్పి ఆగిపోతోంది. మ్యాటర్ అయితే హబ్ అక్కర్లేదన్నారు కదా? నా దగ్గర నాలుగు పాత జిగ్‌బీ బల్బులు కూడా ఉన్నాయి. వాటి హబ్ తీసేయొచ్చా?

జవాబు: మీ సెన్సర్ బాగానే ఉంది, వెనక్కి ఇవ్వకండి. జిగ్‌బీ హబ్‌ను మాత్రం అలాగే ఉంచండి.

మ్యాటర్ అనేది పరికరాలు మాట్లాడుకునే భాష. 'తలుపు తెరుచుకుంది', 'లైట్ ఆపు' అన్న మాటలను ఏ బ్రాండ్ అయినా ఒకే తీరులో చెప్పాలని అది నిర్ణయిస్తుంది. ఆ మాటలు ఏ దారిలో వెళ్లాలన్నది వేరే సంగతి. మ్యాటర్‌కి ఆ దారులు మూడు: వైఫై, ఈథర్‌నెట్ కేబుల్, తక్కువ కరెంటుతో నడిచే థ్రెడ్ అనే రేడియో నెట్‌వర్క్. మీ ప్లగ్ వైఫై దారిలో వెళ్తుంది, సెన్సర్‌ది థ్రెడ్ దారి. పెట్టె మీద మ్యాటర్ గుర్తు రెండింటికీ ఒకటే కాబట్టి కొనేటప్పుడు ఈ తేడా కనిపించదు. దాని పక్కన థ్రెడ్ అని విడిగా రాసి ఉందేమో వెతకాలి.

ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం. మీరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఫోన్ ముందు బ్లూటూత్ ద్వారా పరికరాన్ని పలకరిస్తుంది. అందులోని సర్టిఫికెట్ చూసి, అది నిజంగా మ్యాటర్ పరీక్షలు దాటిన పరికరమేనా అని సరిచూస్తుంది. ఇంతవరకూ ప్లగ్‌కీ సెన్సర్‌కీ తేడా లేదు. తర్వాత ఫోన్ దానికి ఇంటి నెట్‌వర్క్ తాళం ఇవ్వాలి. ప్లగ్‌కి మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇచ్చింది, పని అయిపోయింది. సెన్సర్‌కి థ్రెడ్ నెట్‌వర్క్ తాళం ఇవ్వాలి. మీ ఇంట్లో థ్రెడ్ నెట్‌వర్క్‌ని నడిపే బోర్డర్ రూటర్ లేదు కాబట్టి ఇవ్వడానికి ఏమీ లేక అక్కడే ఆగింది.

సెన్సర్‌లో కూడా వైఫై పెట్టేస్తే పోయేది కదా అనిపిస్తుంది. అడ్డు వచ్చేది బ్యాటరీ. వైఫైకి కనెక్ట్ అయి ఉండటానికి కరెంటు ఎక్కువ కావాలి. థ్రెడ్ రేడియో వేగం సెకనుకు 250 కిలోబిట్లే. వీడియోకి అది ఏమాత్రం చాలదు, తలుపు తెరుచుకుందని చెప్పడానికి మాత్రం కావలసినంత. పైగా థ్రెడ్ సెన్సర్ దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. దానికి వచ్చే సందేశాలను పక్కనున్న మరో థ్రెడ్ పరికరం దాచి ఉంచుతుంది. సెన్సర్ అప్పుడప్పుడు లేచి, ఏమైనా వచ్చాయా అని అడిగి మళ్లీ పడుకుంటుంది. అందుకే చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బోర్డర్ రూటర్ అంటే పాత అర్థంలో హబ్ కాదు. దాన్ని పోస్ట్‌మ్యాన్‌తో పోల్చవచ్చు. కవరు మీది చిరునామా చూసి థ్రెడ్ వైపు నుంచి వైఫై వైపుకి, అటు నుంచి ఇటుకి చేరవేస్తుంది. కవరు విప్పదు. విప్పాలన్నా కుదరదు, లోపలి మాట సెన్సర్‌కీ దాన్ని నడిపే కంట్రోలర్‌కీ మధ్య ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. థ్రెడ్ పరికరాలకు కూడా మామూలు ఇంటర్నెట్‌లో వాడే ఐపీవీ6 చిరునామాలే ఉంటాయి కాబట్టి ఇది సాధ్యమైంది. మీ సెన్సర్‌ది ఒక బ్రాండ్, బోర్డర్ రూటర్‌ది ఇంకో బ్రాండ్ అయినా ఇబ్బంది లేనిది ఇందువల్లే.

జిగ్‌బీ హబ్ పని ఇలా కాదు. అది ఉత్తరం విప్పి, చదివి, వేరే భాషలోకి మార్చి చెప్పాలి. బల్బుకి జిగ్‌బీ తప్ప ఏదీ రాదు. జిగ్‌బీ, థ్రెడ్ రెండూ ఒకే రకం రేడియో మీద, 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయన్నది నిజమే. ఆ మాట విని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో బల్బు మ్యాటర్‌కి మారిపోతుందని చాలామంది ఎదురుచూస్తుంటారు. తయారీదారు ఆ మోడల్‌కి అప్‌డేట్ ఇస్తే తప్ప జరగదు. పాత బల్బుల్లో మెమరీ తక్కువ కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా.

అయితే ఆ హబ్‌నే మ్యాటర్‌లోకి తీసుకురావచ్చు. కొన్ని కంపెనీలు తమ హబ్‌లకు అప్‌డేట్ ద్వారా మ్యాటర్ వంతెన పని నేర్పాయి. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్‌కి 2023లో ఇలాగే వచ్చింది. మీ హబ్‌కీ ఈ సౌకర్యం ఉంటే, దాని యాప్‌లోనే మ్యాటర్ కోడ్ దొరుకుతుంది. దాన్ని గూగుల్ హోమ్‌లో ఒక్కసారి ఇస్తే నాలుగు బల్బులూ కలిసి వచ్చేస్తాయి. ఆన్, ఆఫ్, వెలుతురు, రంగు అన్నీ పనిచేస్తాయి. రంగులు వాటంతట అవే మారే ప్రత్యేక ఎఫెక్టుల్లాంటివి, బల్బుల అప్‌డేట్లు మాత్రం కంపెనీ యాప్‌లోనే చూసుకోవాలి.

మరి నెస్ట్ మినీ చేస్తున్న పనేమిటి? అది కంట్రోలర్. మీ పరికరాలన్నిటినీ గుర్తు పెట్టుకుని, మీరు ఇంట్లో లేనప్పుడు కూడా ఆదేశాలు నడిపిస్తుంది. అందుకే ప్లగ్ పనిచేసింది. దానిలో థ్రెడ్ రేడియో మాత్రం లేదు. గూగుల్ వైపు రెండో తరం నెస్ట్ హబ్, నెస్ట్ వైఫై ప్రో, గూగుల్ టీవీ స్ట్రీమర్‌లలో ఉంది. యాపిల్ వాడేవాళ్లకి హోమ్‌పాడ్ మినీ, అలెక్సా వాడేవాళ్లకి నాలుగో తరం ఎకో ఈ రెండు పనులూ చేస్తాయి. పేర్లు చూసి మోసపోవద్దు. మూడో తరం యాపిల్ టీవీ 4కేలో 128 జీబీ మోడల్‌కే థ్రెడ్ ఉంది, 64 జీబీ దానికి లేదు. మీరు ఇప్పటికే గూగుల్ హోమ్ వాడుతున్నారు కాబట్టి గూగుల్ వైపుదే తీసుకోండి. వేరే బ్రాండ్‌ది పెడితే తాళాలు ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి అందించే పని మీ నెత్తిన పడుతుంది.

బోర్డర్ రూటర్ పెట్టాక కూడా సెన్సర్ దూరంగా ఉంటే సిగ్నల్ తెగుతుంది. థ్రెడ్‌లో కరెంటుకి కలిపి ఉండే పరికరాలే ఇతరుల సందేశాలను ముందుకు చేరవేస్తాయి, బ్యాటరీవి చేరవేయవు. మీ ప్లగ్ కరెంటు మీదే ఉన్నా వైఫైది కాబట్టి సెన్సర్‌కి ఏ సాయమూ చేయలేదు. మధ్యలో ఒక థ్రెడ్ ప్లగ్ పెడితే దారి ఏర్పడుతుంది. థ్రెడ్ బల్బు కూడా ఆ పని చేస్తుంది గానీ, ఎవరైనా గోడ స్విచ్ ఆపితే బల్బుతో పాటు దారీ పోతుంది. నేను ప్లగ్‌కే ఓటు వేస్తాను.

ఇంకొక్క మాట. తర్వాత ఎప్పుడైనా అదే సెన్సర్‌ని యాపిల్ హోమ్‌లో కూడా పెట్టుకోవాలనిపిస్తే, పరికరం మీది స్టిక్కర్ కోడ్ మళ్లీ పనిచేయదు. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా ఒక లైట్‌ని రీసెట్ చేస్తూ కూర్చున్నాను. ముందు గూగుల్ హోమ్‌లో ఆ పరికరం సెట్టింగ్స్‌కి వెళ్లి, వేరే యాప్‌తో లింక్ చేసే ఆప్షన్ తెరవాలి. అది కొత్త కోడ్ ఇస్తుంది, దాని ఆయుష్షు కొన్ని నిమిషాలే. ఆ కోడ్‌ని రెండో యాప్‌లో ఇస్తే రెండింట్లోనూ ఉంటుంది, మొదటి దాంట్లోంచి పోదు.

ప్రశ్న: మా ఇంట్లో హోమ్‌పాడ్ మినీ, నాలుగో తరం ఎకో రెండూ ఉన్నాయి. రెండు బోర్డర్ రూటర్లు ఉన్నా దూరపు గదిలోని థ్రెడ్ సెన్సర్ రోజూ ఆఫ్‌లైన్ అవుతోంది. ఎకో ఆ గది పక్కనే ఉంది!

జవాబు: ఆ రెండూ వేర్వేరు థ్రెడ్ నెట్‌వర్క్‌లు నడుపుతూ ఉండొచ్చు. మీ సెన్సర్ దగ్గర హోమ్‌పాడ్ తాళం మాత్రమే ఉంటే, పక్కనే ఎకో ఉన్నా దాని ద్వారా వెళ్లలేదు. అయితే ముందు నిర్ధారించుకోండి. బోర్డర్ రూటర్లు ఇంటి నెట్‌వర్క్‌లో తమ ఉనికిని ప్రకటిస్తూ ఉంటాయి. లినక్స్ కంప్యూటర్ ఉంటే ఇది నడపండి:

```
avahi-browse -rt _meshcop._udp
```

ప్రతి బోర్డర్ రూటర్ వివరాల్లో `nn` దగ్గర నెట్‌వర్క్ పేరు, `xp` దగ్గర దాని గుర్తింపు కనిపిస్తాయి. పేరు చూసి తేల్చకండి, `xp` చూడండి. అది రెండింటికీ ఒకటే అయితే నెట్‌వర్క్ ఒకటే, వేరైతే రెండు. హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లకి దానిలోని థ్రెడ్ పేజీలో ఇదే సమాచారం చూపిస్తుంది.

రెండని తేలితే, తక్కువ శ్రమతో అయ్యే పరిష్కారం హోమ్‌పాడ్‌కీ ఆ గదికీ మధ్య ఒక థ్రెడ్ ప్లగ్ పెట్టి, దాన్ని యాపిల్ హోమ్‌లో చేర్చడం. ఇంకో దారి, సెన్సర్‌ని రీసెట్ చేసి అలెక్సా యాప్‌లో మొదట చేర్చి, అక్కడి నుంచి యాపిల్ హోమ్‌తో పంచుకోవడం. అప్పుడు అది ఎకో నెట్‌వర్క్‌లో ఉంటుంది, అయినా ఆదేశాలు ఇంటి వైఫై మీదుగా హోమ్‌పాడ్ నుంచి కూడా చేరతాయి. 2024లో వచ్చిన థ్రెడ్ 1.4లో, కొత్త బోర్డర్ రూటర్ ఇంట్లో ఇప్పటికే ఉన్న నెట్‌వర్క్‌లో చేరే పద్ధతిని ఖరారు చేశారు. దానికి రెండు పరికరాలూ ఆ వెర్షన్‌కి అప్‌డేట్ అయి ఉండాలి.

ఒకవేళ `xp` ఒకటే అయితే, ఇంట్లోని మిగతా థ్రెడ్ పరికరాలు ఎలా ఉన్నాయో చూడండి. అన్నీ ఒకేసారి మాయమవుతూ, వైఫై పరికరాలు మాత్రం మామూలుగా పనిచేస్తుంటే తప్పు మీ వైఫై రూటర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఐపీవీ6 ఆపేసి ఉందేమో, స్పీకర్లలో ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో, ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా అడ్డుకునే ఐసొలేషన్ సెట్టింగ్ ఆన్ అయి ఉందేమో చూసుకోండి. ఆ ఒక్క సెన్సరే పోతుంటే మాత్రం ముందు బ్యాటరీ మార్చండి, అయినా పోతుంటే రెండు రోజులు ఎకో ఉన్న గదిలోకి తెచ్చి పెట్టి చూడండి. అక్కడ ఆగకుండా పనిచేస్తే సమస్య దూరానిదే.