కాపీకి 65 పడితే వెల 120 చాలదు

ప్రశ్న: మాది కావలి. 160 పేజీల కథల సంపుటి, డెమ్మీ సైజు, 500 కాపీలు వేస్తున్నాను. ప్రెస్సు వాళ్లు కాపీకి 65 చెప్పారు. షాపులకు 40 శాతం కమీషన్ ఇవ్వాలట. 120 వెల పెడితే నాకు ఏమైనా మిగులుతుందా?

జవాబు: మిగలదు సార్. 120లో షాపు కమీషన్ 48 పోతే మీ చేతికి 72 వస్తుంది. 65 తీసేస్తే ఏడు రూపాయలు లాభం అనిపిస్తుంది. కానీ ఆ 65 అచ్చు ఖర్చు మాత్రమే, పుస్తకం ఖర్చు కాదు.

మీ లెక్కనే వేసి చూద్దాం. అచ్చుకు 32,500. డీటీపీ పేజీకి 30 అనుకుంటే 4,800, ప్రూఫు పేజీకి 15 చొప్పున 2,400, ముఖచిత్రం 3,500. కట్టలు ప్రెస్సు నుంచి మీ ఇంటికి చేరేందుకు లారీ ఆఫీసు కిరాయి, ఆటో కలిపి 1,200. మొత్తం 44,400. ఈ అంకెలు మీ ఊళ్లో కొంచెం అటూఇటూ అవుతాయి, మీ బిల్లులు పెట్టుకుని మార్చుకోండి. ప్రెస్సు చెప్పిన రేటులో జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి. పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి అచ్చుకు కట్టిన పన్ను మీకు తిరిగి రాదు, నేరుగా ఖర్చే.

ఈ మొత్తాన్ని 500తో భాగించకూడదు. సమీక్షలకు పత్రికలు రెండేసి కాపీలు అడుగుతాయి. ఆవిష్కరణ వేదిక మీద ఉన్న వాళ్లకు ఇవ్వాలి. కట్టు విప్పితే మూలలు నలిగినవి నాలుగైదు ఉంటాయి. ఇక చీరకు, టిఫినుకు లెక్కచూడకుండా ఖర్చుపెట్టే వాళ్లు కూడా "అన్నా, సంతకం చేసి ఒకటి ఇవ్వు" అని చెయ్యి చాస్తారు. రాసినవాడు డబ్బు పెట్టి అచ్చు వేయించాడన్న సంగతే వాళ్లకు తట్టదు, అది నాకు ఎప్పుడూ బాధే. ఇవన్నీ కలిపి 60 తీసేయండి. అమ్ముడయ్యేవి 440. 44,400ని 440తో భాగిస్తే కాపీకి సుమారు 101. షాపులకు పంపే పార్సిలుకు కాపీకి 4 వేస్తే 105.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 105 మీద 40 శాతం కలిపి 147 వెల పెడతారు. కమీషన్ ఖర్చు మీద కాదు, వెల మీద. 147లో 40 శాతం పోతే 88 వస్తుంది, కాపీకి 17 నష్టం. అందుకే కింద నుంచి పైకి కలుపుకుంటూ పోకూడదు, వెలను వంద అనుకుని వెనక్కి రావాలి. వందలో షాపుకు 40, రచయితగా మీకు 15. మిగిలిన 45 ఖర్చును మొయ్యాలి. 105ని 0.45తో భాగిస్తే 233.

160 పేజీల కొత్త కథల పుస్తకానికి 233 ఎక్కువే. అలాగని కాగితం నాసిరకం వేయకండి, వెనక పేజీ అక్షరాలు కనబడి చదివేవాళ్లకు చిరాకు. అమ్మే దారి మార్చండి. 440లో 200 కాపీలు ఆవిష్కరణలో, కావలి, నెల్లూరు, ఒంగోలు సభల్లో మీరే 20 శాతం తగ్గించి అమ్మి, మిగతా 240 షాపులకు ఇస్తే సగటు తగ్గింపు 31 శాతం అవుతుంది. అప్పుడు వందలో ఆ 31, మీ 15 పోగా 54 మిగులుతుంది, 105ని 0.54తో భాగిస్తే 194. వెల 200 పెట్టండి. షాపు కాపీ మీద 120 వస్తుంది, 15 మిగులు. చేతిమీద అమ్మినదానికి 160 వస్తుంది. పార్సిలు ఉండదు కాబట్టి 59 మిగులు. అన్నీ అమ్మితే 15,400.

అన్నీ అమ్మితేనే, అది గుర్తుంచుకోండి. 200 వెలకు ఖర్చు తిరిగి రావాలంటే చేతిమీద 200, షాపుల్లో సుమారు 110 పోవాలి. షాపులకు ఇచ్చేది ఎక్కువగా అమ్మకం మీద డబ్బే. ఆరు నెలలకు లెక్క చెబుతారు, మిగిలినవి అంచులు పసుపెక్కి తిరిగొస్తాయి. అందుకే కాపీ చవకవుతుందని వెయ్యి వేయించకండి.

పుస్తక ప్రదర్శనలో పాఠకుడికి ఇచ్చే 10 శాతం ఆ 40లోంచే పోతుందా, మీ వాటాలోంచా అన్నది కాపీలు ఇచ్చేముందే తేల్చుకోండి. పోస్టులో పంపేవాటికి చార్జీ విడిగా తీసుకోండి. 2024 డిసెంబరులో బుక్ పోస్టు ఆపేయడం చిన్న రచయితలకు పెద్ద దెబ్బ. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్టు వచ్చింది, 300 గ్రాముల లోపు 20 రూపాయలు, దాని మీద పన్ను అదనం. మీ పుస్తకం చుట్టిన కవరుతో సహా అందులో పడుతుంది.

ప్రెస్సు బిల్లు, లారీ కిరాయి చేతికొచ్చేదాకా వెనక అట్ట మీద వెల ఖాయం చేయకండి. తర్వాత స్టిక్కరు అంటిస్తే గీకి చూసేవాళ్లుంటారు, కింద 120 కనబడితే 200 ఎవరూ ఇవ్వరు.