విదేశం నుంచి తిరిగివస్తూ ఫర్నిష్డ్ ఇంటి యజమానికి రాసే ఉత్తరంలో ముందస్తు అద్దె సంగతి ఎలా పెట్టాలి?

ప్రశ్న: మేమిద్దరం జూన్‌లో అమెరికా నుంచి హైదరాబాద్‌కు పూర్తిగా వచ్చేస్తున్నాం. కొండాపూర్‌లో ఒక ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాట్ నచ్చింది, అద్దె నెలకు 60,000 రూపాయలు. రెండేళ్లు ఉంటామని, ఆరు నెలల అద్దె ముందే రూపాయల్లో కడతామని ఓనరు గారికి మెయిల్ రాయాలనుకుంటున్నాం. ఏం రాయాలి, ఏం రాయకూడదు?

జవాబు:

మేము డాలస్ నుంచి తిరిగివచ్చినప్పుడు దాదాపు ఇటువంటి ఉత్తరమే రాశాం. ఇంట్లో దిగిన తరువాత యజమాని గారు చెప్పిన మాట మీకు ముందుగా తెలియడం మంచిది. "మేము విదేశాల్లో ఉన్నాం, మీ ఇల్లు ఫొటోల్లో చూశాం, బేరం అక్కరలేదు, ఆరు నెలల డబ్బు ఇప్పుడే పంపుతాం" అనే ఉత్తరాలు ఆయనకు అంతకుముందే వచ్చాయట. వాటిలో కొన్ని మోసగాళ్లవి. ఆ తరువాతి అడుగు ఏదో ఒక క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీకు జమవుతుంది" అనడం, లేదా పొరపాటున ఎక్కువ పంపామని చెప్పి తేడాను తిరిగి అడగడం. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదన్నది ఇప్పుడు చాలామంది యజమానులకు తెలుసు. అందువల్ల మొదటి వాక్యంలోనే డబ్బు ప్రస్తావన వచ్చే ఉత్తరం వారిలో నమ్మకానికి బదులు అనుమానం పుట్టిస్తుంది.

కాబట్టి ముందుగా మీరెవరో, మీ తరఫున ఇల్లు చూడటానికి స్వయంగా వచ్చే బంధువు ఎవరో చెప్పండి. ఆ తరువాతే డబ్బు సంగతికి రండి. మేము రాసిన ఉత్తరంలోని ప్రధాన భాగాన్ని మీ అంకెలకు అనుగుణంగా మార్చి ఇక్కడ ఇస్తున్నాను.

"గౌరవనీయులైన యజమాని గారికి నమస్కారం. నేను, నా భార్య జూన్ మొదటి వారంలో హైదరాబాద్‌లో స్థిరపడటానికి వస్తున్నాం. మా బావగారు మియాపూర్‌లో ఉంటారు; మీకు వీలైన ఆదివారం వచ్చి ఇల్లు చూస్తారు. ఇల్లు నచ్చి, మీకు కూడా మేము సమ్మతమైతే, 24 నెలల అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించుకోవాలని మా కోరిక. తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్‌గా రెండు నెలల అద్దె, అనగా 1,20,000 రూపాయలు చెల్లిస్తాం. ఇందులో 60,000 ఒప్పందం ముసాయిదా ఖాయమైన రోజున, మిగిలిన 60,000 తాళాలు తీసుకునే రోజున ఇస్తాం. దీనికి వేరుగా, జూన్ నుంచి నవంబరు వరకు ఆరు నెలల అద్దె 3,60,000 రూపాయలను రిజిస్ట్రేషన్ రోజున ముందుగా చెల్లిస్తాం. రెండేళ్ల పాటు అద్దె పెంచకుండా ఉంటారని ఆశిస్తున్నాం. చెల్లింపులన్నీ భారతదేశంలో మా పేరున ఉన్న బ్యాంకు ఖాతా నుంచి మీ ఖాతాకు ఆర్‌టీజీఎస్ లేదా నెఫ్ట్ ద్వారా మాత్రమే జరుగుతాయి."

చివరి వాక్యం చిన్నదే అయినా మా విషయంలో ఎక్కువగా పనిచేసింది అదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మోసగాడు తన పేరున ఉన్న ఖాతా నుంచి మాత్రమే చెల్లిస్తానని రాయడు. అదే వాక్యం మీకూ రక్షణ: కరెంటు బిల్లులో, ఆస్తి పన్ను రసీదులో, యజమాని ఇచ్చిన ఖాతాలో ఒకే పేరు ఉందో లేదో చూసిన తరువాతే డబ్బు కదులుతుంది.

డిపాజిట్‌ను, ముందస్తు అద్దెను ఉత్తరంలో వేర్వేరుగా రాయడం అన్నిటికంటే ముఖ్యం. మన దగ్గర రెంటినీ కలిపి "అడ్వాన్స్" అనేస్తారు గనుక, "4,80,000 అడ్వాన్స్ ఇచ్చాం" అని మాత్రమే రాసి ఉంటే, మీరు మూడో నెలలో ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్లవలసి వస్తే ఎంత తిరిగి రావాలన్నది వాదనగా మారుతుంది. వేర్వేరుగా రాసి, "గడవని నెలల ముందస్తు అద్దెను నోటీసు కాలం మినహాయించి ఖాళీ చేసిన రోజునే తిరిగి ఇవ్వవలెను" అన్న షరతును ఒప్పందంలో పెట్టిస్తే లెక్క సూటిగా ఉంటుంది. ఆగస్టు చివర ఖాళీ చేస్తామని జూలై చివర నెల రోజుల నోటీసు ఇస్తే, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల 1,80,000 రూపాయలు, దానితోపాటు డిపాజిట్ మీకు రావాలి. అదే నోటీసు రెండు నెలలని ఒప్పుకుంటే సెప్టెంబరు అద్దె పోతుంది. హైదరాబాద్‌లో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు కూడా ఉంది. దానికి మీరు సమ్మతిస్తారో లేదో మొదటే రాయండి, లేకుంటే రెండు నెలల డిపాజిట్‌లో సగం మీది కాదనే అనుకోవాలి. ఇల్లు మధ్యలో అమ్ముడుపోతే కొత్త యజమాని ఈ ముందస్తు అద్దెకు, డిపాజిట్‌కు కట్టుబడి ఉండాలన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి.

ముందే కడుతున్నాం కదా, అద్దె బాగా తగ్గించమని అడగాలని చాలామందికి అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మొదటి నెల అద్దె ఎలాగూ ఇవ్వవలసిందే. మిగిలిన ఐదు నెలలవి వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు నెలల ముందు ఇస్తున్నారు. ఏడు శాతం వడ్డీ అనుకున్నా యజమానికి మొత్తం మీద కలిసివచ్చేది 5,250 రూపాయలు మాత్రమే. దీనికి నెలకు ఐదు వేలు తగ్గించమంటే ఆయన నవ్వుకుంటారు. ఆయనకు అసలు లాభం మీరు రెండేళ్లు ఉండటం: మధ్యలో ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 60,000 పోతుంది, దాని మీద బ్రోకరు ఖర్చు వేరు. కనుక అద్దె తగ్గించమనడం కంటే రెండో ఏడాది పెంచవద్దనడం సమంజసం. ఐదు శాతం పెంపు ఆగినా మీకు ఏడాదికి 36,000 మిగులుతుంది. మేము అడిగినది ఇదే, ఆయన పెద్దగా ఆలోచించకుండా ఒప్పుకున్నారు.

అయితే రెండేళ్ల హామీ కాగితం మీద నిలవాలంటే అందరూ రాసుకునే 11 నెలల ఒప్పందం చాలదు. రెండేళ్ల లీజును రిజిస్టర్ చేయించాలి. చేయించని పత్రంలోని షరతులను కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి మీరు స్వయంగా వెళ్లాలి గనుకనే, లేదా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి గనుకనే, పెద్ద మొత్తాన్ని ఆ రోజుకు జరిపాను. యజమాని రిజిస్ట్రేషన్‌కు ఇష్టపడకపోతే 11 నెలలకే రాసుకోండి, కానీ అప్పుడు ముందస్తు అద్దె మూడు నెలలు దాటనివ్వకండి. పెంపు లేదన్న మాట ఆయన మంచితనం మీదే ఆధారపడుతుంది.

ఇక ఉత్తరంలో తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: యజమాని ఆదాయపు పన్ను లెక్కలో భారతదేశ నివాసులా, ఎన్నారైలా? కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో చాలావాటి యజమానులు మీలాగే విదేశాల్లో ఉంటారు, ఇక్కడ వారి తల్లిదండ్రులు వ్యవహారం చూస్తుంటారు. యజమాని నివాసి అయితే, నెల అద్దె 50,000 దాటింది కనుక 2 శాతం టీడీఎస్ మీరు అద్దెలోంచి పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఇది ప్రతి నెలా అక్కరలేదు. ఆర్థిక సంవత్సరం చివరి నెలలో ఒకసారి చాలు. మీ విషయంలో జూన్ నుంచి మార్చి వరకు 6,00,000 అద్దె మీద 12,000 రూపాయలను మార్చి అద్దెలో తగ్గించి ఇస్తారు. మీ ముందస్తు చెల్లింపు నవంబరుతో ముగుస్తుంది కనుక ఇబ్బంది లేదు. మార్చి అద్దె కూడా ముందే ఇచ్చేసే వారు ఆ చెల్లింపు సమయంలోనే పట్టుకోవాలి. ఆయన ప్యాన్ నంబరు లేకుంటే రేటు పెరుగుతుంది, అందుకే అది ముందే తీసుకోండి.

యజమాని ఎన్నారై అయితే కథ పూర్తిగా మారుతుంది. 50,000 పరిమితి వర్తించదు, ప్రతి చెల్లింపులోనూ సెస్సుతో కలిపి 31.2 శాతం పట్టాలి, అందుకు మీరు టాన్ అనే, పన్ను పట్టి కట్టేవారికి ఇచ్చే నంబరు తీసుకోవాలి. మీ 3,60,000 ముందస్తు అద్దెలో 1,12,320 ప్రభుత్వానికి, 2,47,680 యజమానికి వెళ్తాయి. తిరిగి ఇచ్చే డిపాజిట్ అద్దె కాదు గనుక దానికి ఇది వర్తించదు. ఆరు నెలలది ఒకేసారి ఇస్తామని రాసి, చివరికి మూడో వంతు తగ్గించి పంపితే మీ మాట మీద ఎవరికైనా అనుమానం వస్తుంది. తక్కువ టీడీఎస్‌కు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన ధ్రువపత్రం ఆయన వద్ద ఉంటే అందులోని రేటు సరిపోతుంది. అద్దె తన తండ్రి గారి ఖాతాలో వేయమన్నంత మాత్రాన ఈ బాధ్యత మీకు తప్పదు; యజమాని ఎవరన్నదే లెక్క. ఇచ్చిన ఖాతా ఎన్‌ఆర్‌ఓ ఖాతా అయితే ఆయన ఎన్నారై కావచ్చునని వెంటనే గుర్తుపట్టవచ్చు.

రూపాయల్లో కడతామని రాయడం సరైనదే, కానీ డాలర్లను నేరుగా యజమాని ఖాతాకు పంపకండి. ఆనాటి మారకపు రేటు, బ్యాంకు రుసుములు పోగా చేరే మొత్తం ఒప్పందంలోని అంకెతో సరిపోదు. పైగా విదేశం నుంచి వచ్చిన సొమ్ము ఎందుకు వచ్చిందో ఆయన తన బ్యాంకుకు చెప్పుకోవలసి వస్తుంది. ముందుగా మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి తెచ్చుకుని, రూపాయలుగా మారిన తరువాత అక్కడి నుంచి చెల్లించండి. రెండు లక్షలు, అంతకు పైన అయితే ఆర్‌టీజీఎస్, తక్కువైతే నెఫ్ట్. స్థిరపడటానికి వచ్చిన తరువాత ఆ ఎన్‌ఆర్‌ఈ ఖాతాను సాధారణ నివాసి ఖాతాగా మార్పించుకోవాలి గనుక, ఆ మార్పు మధ్యలో చెల్లింపు ఇరుక్కోకుండా తేదీలు చూసుకోండి. నగదు మాట ఎత్తకండి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం యజమానికే జరిమానా తెచ్చే పని.

ఫర్నిచర్ విషయంలో ఉత్తరంలో ఒక్క కోరిక చాలు: ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, చిమ్నీ, ఇన్వర్టర్ బ్యాటరీ మొదలైనవాటి కంపెనీ, కొన్న సంవత్సరం, ఇప్పటి స్థితి తెలిపే జాబితాను ఒప్పందానికి జతచేయమనండి. మీ బావగారు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ప్రతి ఏసీనీ కనీసం అరగంట నడిపించి చూడమనండి, ఎందుకంటే గ్యాస్ తగ్గిన ఏసీ మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. సర్వీసింగు, వాటర్ ప్యూరిఫయర్ ఫిల్టర్లు మీ ఖర్చు, కంప్రెసర్, మోటారు, బ్యాటరీ మార్పిడి వారి ఖర్చు అని మేము రాసుకున్నాం. మెయింటెనెన్స్ రుసుము, వేసవిలో ట్యాంకర్ నీళ్ల ఖర్చు 60,000 లోనే ఉన్నాయో, వేరో కూడా అదే ఉత్తరంలో అడగండి.