ఫొటోలో మామిడికాయ భుజాలు చూడు

అమ్మడూ,

శనివారం తెప్పించిన సువర్ణరేఖ మామిడికాయల సంగతి నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. 60 కిలోలు కొంటే వారం తిరిగేసరికి 20 కిలోల దాకా పండకుండానే తొక్క ముడతలు పడిపోయాయి. నీ దగ్గర కొన్న మధురవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లు వాటిని తిరిగి ఇచ్చేశారు. "ఫొటోలో ఎర్రగా నిగనిగలాడుతున్నాయి పెద్దమ్మా, ముదిరిన కాయలే అనుకున్నాను" అన్నావు. నీకు సరుకు తెచ్చే కుర్రాడు కొనేముందు పంపిన ఆ ఫొటోని రెండు రోజులుగా తీసి తీసి చూస్తున్నాను. పూర్ణా మార్కెట్లో పాతికేళ్లు పళ్ల కొట్టు నడిపినదాన్ని. అందులో నాకు కనిపించినవీ, ఎంత చూసినా కనిపించనివీ నీకు రాస్తున్నాను.

ముందు ఆ ఎరుపు. సువర్ణరేఖకి ఎండ తగిలిన వైపు బుగ్గ ఎర్రబడుతుంది. కాయ లేతగా ఉన్నప్పుడే ఆ ఎరుపు వచ్చేస్తుంది. అది ఆ రకం గుణమే కానీ ముదిరిందనడానికి గుర్తు కాదు, పండిందనడానికీ కాదు. చూడాల్సింది నీడ వైపు తొక్కని. అది ముదురాకుపచ్చ వదిలి లేత పచ్చకి, అక్కడి నుంచి పసుపుకి తిరుగుతూ ఉండాలి. నీ ఫొటోలో కాయలన్నీ ఎర్ర బుగ్గ పైకి పెట్టి పేర్చారు. నేనూ అలాగే పేర్చేదాన్ని. కొనేవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది మరి.

ముదరడం వేరు, పండడం వేరు. ముదిరిన కాయని దించి గడ్డిలో పెడితే కొద్ది రోజుల్లో పండుతుంది. లేతకాయని ఎంత మగ్గబెట్టినా రంగు తిరుగుతుందేమో గానీ తీపి రాదు. లోపలి నీరు పోయి తొక్క వాడిపోతుంది. నీ 20 కిలోలకి జరిగింది ఇదే.

ముదిరిందో లేదో ఫొటోలో చెప్పేవి భుజాలు. లేతకాయలో ముచిక దగ్గర నుంచి బుగ్గలు ఏటవాలుగా కిందికి జారిపోయి ఉంటాయి. ముదిరేకొద్దీ రెండు పక్కలా భుజాలు లేచి, ముచిక మధ్యలో చిన్న గుంటలో కూర్చున్నట్టు అవుతుంది. నీ ఫొటోలో ఎడమ చివర నాలుగు కాయలు పక్కకి తిరిగి ఉన్నాయి, పెద్దది చేసి చూడు. రెండింటికి భుజాలు లేచాయి, రెండింటికి లేవలేదు. అంటే ఒకే గుట్టలో రెండు కోతల కాయలు కలిశాయి. పై వరస మాత్రమే కనిపించే ఫొటో చూసి 60 కిలోలు ఒకేసారి చెప్పకుండా ఉండాల్సింది.

ఇంకో సంగతి, ఆ ఫొటో తెల్లవారుజామున నీలం టార్పాలిన్ కింద, బల్బు వెలుగులో తీసింది. టార్పాలిన్ రంగు, బల్బు రంగు రెండూ కాయ మీద పడతాయి. ఆపైన ఫోన్ కూడా తన లెక్కలో రంగులు సర్దేస్తుంది. ఈసారి కుర్రాణ్ణి కాయల పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయమను. కాగితం నీలంగానో పసుపుగానో కనిపిస్తే ఆ ఫొటోలో రంగుని నమ్మకు, ఆకారాన్ని మాత్రమే చూడు. వీలైతే రెండు కాయలు బయట పగటి వెలుగులోకి తెచ్చి, ముచిక వైపు ఒకటి, పక్క నుంచి ఒకటి, గుట్ట అడుగు నుంచి తీసిన కాయది ఒకటి పంపమను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సూది పోట్లంత గుర్తులు చెదిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ముచిక వైపు ఫొటో ఎందుకు అడగమన్నానంటే, అక్కడ కనిపించే నలుపు రెండు రకాలు. కోసినప్పుడు సొన కారి తొక్క కాలితే, ముచిక నుంచి కిందికి చారలు చారలుగా మచ్చలు పడతాయి. అవి తొక్కకే పరిమితం, లోపల కండకేమీ కాదు. ధర తగ్గించి అడుగు, కానీ పారేయకు. అలా కాకుండా ముచిక చుట్టూ వలయంలా గోధుమరంగు మొదలై చుట్టూ పాకుతుంటే అది కుళ్లు, రోజుల్లో సగం కాయ పోతుంది. ఫొటోలో తేడా తెలియకపోతే కుర్రాణ్ణి బొటనవేలితో మెల్లగా నొక్కి చూడమను. కుళ్లయితే మెత్తగా దిగిపోతుంది.

ఇంతవరకూ కంటికి అందేవి. పచ్చికాయ మీద ఏమీ కనిపించకపోయినా మచ్చ తెగులు అందులో ఉండొచ్చు. ఆ బూజు కాయ చిన్నగా ఉన్నప్పుడే తొక్కలో చేరి కదలకుండా పడి ఉంటుంది, కాయ పండేటప్పుడే నల్ల మచ్చలుగా లేస్తుంది. పూత మీద, పిందె మీద వానలు పడిన ఏడాది ఇది ఎక్కువ. టెంక పురుగు కూడా అంతే. పిందె మీద గుడ్డు పెట్టిన గాయం మానిపోతుంది, పురుగు టెంకలో పెరుగుతుంది, బయట కాయ నున్నగా ఉంటుంది. కార్బైడ్ సంగతీ చూపుతో తేల్చలేము. అన్నీ ఒకే పసుపులో ఉంటే అనుమానపడతాం, నిజమే. కానీ చట్టం ఒప్పుకున్న ఇథిలీన్ గదుల్లో మగ్గిన కాయలూ అలాగే ఒకే రంగులో వస్తాయి. రంగు చూసి ఎవర్నీ దొంగ అనకు, రంగు చూసి ఎవర్నీ నమ్మకు కూడా.

అందుకే పెద్ద మొత్తం కొనేముందు ఒక కాయ డబ్బులిచ్చి కోయించు. టెంక కత్తికి గట్టిగా అడ్డుపడి, దాని చుట్టూ కండ లేత పసుపుకి తిరిగి ఉంటే ముదిరినట్టు. కత్తి టెంకలోంచి సులువుగా దిగిపోయి కండ తెల్లగా ఉంటే ఆ గుట్ట వదిలెయ్. ఇంటికి చేరాక బకెట్ నీళ్లలో వెయ్యి. ముదిరిన కాయలు ఎక్కువగా మునుగుతాయి, లేతవి తేలుతాయి. తేలినవి పచ్చడికి వేరు చెయ్యి, పళ్లుగా అమ్మకు.

కూరల్లో నువ్వు ఎక్కువగా తెప్పించేది వంకాయ. నీళ్లు చల్లితే పాత వంకాయ కూడా ఫొటోలో మెరుస్తుంది, కాబట్టి మెరుపు చూడకు. తొడిమ పచ్చగా, బిగువుగా ఉందో, ఎండి గోధుమరంగు తిరిగిందో చూడు. కాయ మీద పెద్ద కన్నం ఉంటే అది చాలాసార్లు పురుగు బయటికి పోయిన దారి. లోపలికి వెళ్లిన కన్నం చాలా చిన్నది, తరచుగా తొడిమ కిందే ఉంటుంది, పూడిపోతుంది కూడా. కన్నం లేని వంకాయలోనే పురుగు ఇంకా ఉండొచ్చు. ఫొటో చూసి "పురుగుల్లేవు" అని నీ దగ్గర కొనేవాళ్ల గ్రూపులో ఎప్పుడూ పెట్టకు.

చివరగా సొరకాయ, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. లేతగా, నున్నగా, గోరు దిగేలా ఉన్న సొరకాయ కూడా ఒక్కోసారి చేదు ఉంటుంది. ఫొటోలో కాదు, చేతిలో పట్టుకుని చూసినా తెలియదు. ఆ చేదు విషం, ఉడికించినా పోదు. రసం తీసి తాగినవాళ్లకి వాంతులు పట్టి ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. నీ దగ్గర పొద్దున్నే జ్యూస్‌కి సొరకాయలు తీసుకునే పెద్దవాళ్లు నలుగురున్నారని చెప్పావు. చిన్న ముక్క కోసి నాలుక కొసకి ఆనించి చూడమని, చేదు తగిలితే వెంటనే ఉమ్మేసి కాయంతా పారేయమని, ఆ కాయకి నువ్వు డబ్బులు తిరిగి ఇస్తానని వాళ్లకి ఈరోజే ఫోన్ చేసి చెప్పు.

పెద్దమ్మ