బ్రాంచి మేనేజర్ లిమిట్ దాటి సంతకం చేస్తే డబ్బు రాదా?

"చిత్తూరులో అట్టపెట్టెలు తయారుచేస్తాను. తిరుపతి బ్రాంచి మేనేజర్ 8 లక్షల ఆర్డర్ మీద సంతకం పెట్టారు. ఆయన లిమిట్ 5 లక్షలేనంటూ హెడ్ ఆఫీసు మిగతా 3 లక్షలు ఇవ్వనంటోంది. పాత 6, 7 లక్షల ఆర్డర్లకు మాత్రం డబ్బు ఇచ్చింది."

అన్నా, మీ బలమంతా ఆ చివరి మాటలోనే ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ ప్రకారం, ఏజెంటుకు అధికారం ఉందని మీరు నమ్మేలా యజమాని తన మాటలతోనో నడతతోనో చేస్తే, లిమిట్ దాటినా యజమానే బాధ్యుడు. ఆ నమ్మకం కంపెనీ వైపు నుంచి కలగాలి. "నాకు పవర్ ఉంది" అని మేనేజర్ ఒక్కడే చెప్పుకుంటే చాలదు. ఇక్కడ 5 లక్షలు దాటిన పాత బిల్లులను హెడ్ ఆఫీసే చెల్లించింది కదా, అదే నడత.

వాళ్ల లోపలి సర్క్యులర్ మీకు తెలియనంతవరకు మిమ్మల్ని కట్టడి చేయదు. కానీ పాత ఆర్డర్ల వెనక సన్న అక్షరాల్లో ఆ లిమిట్ ఉందేమో చూడండి. ఉంటే కేసు బాగా బలహీనపడుతుంది. పెట్టెలు తీసుకుని వాడేసుకుంటే అది ఆమోదమేనని 197వ సెక్షన్ కింద కూడా వాదించవచ్చు. పాత ఆర్డర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, సంతకమున్న డెలివరీ చలానాలు జతచేసి లాయర్ నోటీసు నేరుగా హెడ్ ఆఫీసుకే పంపండి.