బిల్లు ఫోటోలో 3 కాస్తా 8 ఎందుకవుతోంది

ప్రశ్న: బిల్లు ఫోటో తీసి ఖర్చుల యాప్‌లో పెడితే 1386 ని 1886 అని ఎక్కిస్తోంది, నా కంటికి బానే కనిపిస్తోంది మరి. ఫోటో ఎలా తీయాలండి?

మాది వైజాగ్ అండి, ఆటోనగర్‌లో లారీల ఆఫీసులో లెక్కలు చూస్తాను, డ్రైవర్లు పంపే బిల్లు ఫోటోలతోనే రోజంతా నా పని.

3 కి ఎడమ పక్క తెరిచి ఉంటుంది, 8 కి మూసి ఉంటుంది, తేడా అంతే. షాపుల్లో థర్మల్ ప్రింటర్లు ఎక్కువగా మిల్లీమీటరుకి 8 చుక్కలు వేస్తాయి, అంకె ఎత్తు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో ఆ సందు కొద్ది చుక్కలే. చెయ్యి కాస్త వణికితే చాలు ఆ సందు పూడిపోతుంది, ఇక యాప్‌కి అది 8 ఏ. 5, 6 కూడా ఇలాగే కలిసిపోతాయి. దీన్ని పట్టుకోవడం సులువే, ఐటమ్స్ కూడి చూడండి: 640, 386, 360 కలిపితే 1386, యాప్ 1886 అంది, తేడా సరిగ్గా 500. 3 కి 8 కి తేడా 5 కదా, అందుకే 5, 50, 500 తేడా వస్తే ముందు అక్కడే చూస్తాను.

వంకరగా తీసింది ఇంకా ప్రమాదం అండి, ఎందుకంటే అది టోటల్‌లో దొరకదు. లైనుకి లైనుకి మధ్య దూరం 4 మిల్లీమీటర్లే, బిల్లు 5 డిగ్రీలు తిరిగిందంటే 7 సెంటీమీటర్ల వెడల్పు దాటేసరికి లైను 6 మిల్లీమీటర్లు జారిపోతుంది, అంటే బ్రేక్ ఆయిల్ ఎదురుగా బేరింగ్ రేటు వచ్చి కూర్చుంటుంది, మొత్తం మాత్రం సరిపోతుంది. మొత్తం ఒకేలా తిరిగితే చాలా యాప్‌లు సరిచేసుకుంటాయి, కానీ ఫోన్ ఏటవాలుగా పట్టుకున్నా కాగితం ముడతలు పడినా ఒక్కో లైను ఒక్కోలా వంగుతుంది, అక్కడ వాటి వల్ల కూడా అవ్వదు.

నేను మా వాళ్లకి చెప్పేది ఇదీ. బిల్లుని ముదురు రంగు బల్ల మీద సాపుగా పరిచి, ఫ్యాన్ ఆపి, కిటికీ వెలుతురులో పెట్టాలి, ఫ్లాష్ వద్దు, ఆ కాగితం నున్నగా ఉంటుంది కాబట్టి మెరిసి అంకెలు తెల్లగా పోతాయి. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేసి, ఫోన్ బల్లకి సమాంతరంగా పట్టుకుని, బిల్లు అంచు గీతకి సరిపోయేలా చూసుకోవాలి. మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ పట్టదు, జానెడు పైనుంచి తీయండి, టోటల్ మీద వేలితో తాకి ఫోకస్ కుదిరాక 3 సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కేటప్పటి వణుకు కూడా పోతుంది. పొడుగు బిల్లయితే రెండు ముక్కలుగా తీయండి, రెండు మూడు లైన్లు రెండింట్లోనూ పడాలి.

తీశాక టోటల్‌ని జూమ్ చేసి 3 లో ఆ సందు కనిపిస్తోందా చూడండి, కనిపించకపోతే అక్కడే ఇంకోటి తీసేయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే నొక్కి చిన్నది చేసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకోటి, బండి డ్యాష్‌బోర్డు మీద బిల్లు వదిలేయకండి, మన ఎండకి థర్మల్ కాగితం నల్లబడిపోతుంది, అప్పుడు ఎంత బాగా తీసినా అంకె రాదు.