వదిన ఫోటో మార్చాను, మాట్లాడటం మానేసింది

“కాన్పు తర్వాత మా వదిన కాస్త లావైంది. ఇంట్లో అందరం కలిసి దిగిన ఫోటోలో ఆమె ముఖం, నడుము సన్నగా చేసి, కనుబొమ మీద మచ్చ తీసేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మర్నాడు ఆమె ఫోటోతోనే డ్యాన్స్ చేస్తున్నట్టు వీడియో కూడా చేశా. అందరూ నవ్వారు. వదిన వారం నుంచి నాతో మాట్లాడటం లేదు, అన్నయ్యేమో డీప్‌ఫేక్ అంటున్నాడు. బాగా చూపించడం కూడా తప్పేనా?”

గ్రూపులో ఎవరో ఒకరు “ఎంత బాగున్నావో” అని పెట్టే ఉంటారు, ఆ మాట ఆమెకెలా వినపడిందో ఒక్కసారి ఆలోచించండి. ఆమెకు లేని నడుముకొచ్చిన మెప్పు అది. ఆ మచ్చ ఆమె రోజూ అద్దంలో చూసుకునే మచ్చ, దాన్ని తీసేయాలని ఆమె ఎప్పుడైనా అన్నదా?

ఫోటో చీకటిగా ఉంటే వెలుతురు పెంచడానికి, అంచులు కత్తిరించడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ముఖం, ఒళ్లు, రంగు, వయసు, బట్టలు ముట్టుకునేటప్పుడు మాత్రం అడగాలి. ఫోటో దిగడానికి ఒప్పుకున్నంత మాత్రాన మార్చడానికి ఒప్పుకున్నట్టు కాదు. అడగాల్సింది కూడా గ్రూపులో పెట్టేముందు కాదు, యాప్‌లోకి ఎక్కించేముందే, ఎందుకంటే ఇలాంటి యాప్‌లు చాలావరకు ఫోటోని తమ సర్వర్‌కి పంపించుకునే పని చేస్తాయి.

వీడియో సంగతి వేరు. నిజమైన మనిషి ముఖంతో ఆమె చేయని పని చేసినట్టు చూపిస్తే అది డీప్‌ఫేకే, మీ అన్నయ్య అన్నది నిజమే. మీకు చెడు ఉద్దేశం లేదు, సరే. కానీ ఎవరో ఒకరు దాన్ని బయటికి ఫార్వర్డ్ చేస్తే వీడియో ఒక్కటే వెళ్తుంది, “సరదాకి చేశా” అన్న మీ మాట దాని వెంట వెళ్లదు. ఆమెను ఎరగనివాళ్లు నిజమే అనుకుంటారు.

ఇప్పుడు రెండూ గ్రూపులోంచి అందరికీ పోయేలా డిలీట్ చేయండి. టైం దాటిపోయి కుదరకపోతే గ్రూపులో ఉన్నవాళ్లందరినీ ఎవరి ఫోన్లోంచి వాళ్లను తీసేయమనండి. అప్పటికే ఫోన్లలో సేవ్ అయినవి గ్రూపులోంచి తీసినా పోవు, కాబట్టి దగ్గరివాళ్లకు ఫోన్ చేసి తీసేయమని చెప్పాల్సిందే, ఇబ్బందిగా ఉన్నా సరే. ఫోన్లోంచి యాప్ తీసేస్తే సరిపోదు, ముందు దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరు ఎక్కించిన ఫోటోలు, అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత యాప్ తీయండి.

తర్వాత వదిన దగ్గరికి వెళ్లండి. “నీ మంచికే చేశా” అనొద్దు, ఆ ముక్కతో మొత్తం పాడవుతుంది. “నిన్ను అడక్కుండా నీ ముఖం మార్చాను, తప్పు నాది” అనండి. ఏమేం డిలీట్ చేశారో, ఎవరి దగ్గర ఇంకా మిగిలి ఉండొచ్చో దాచకుండా చెప్పండి. ఆమె వెంటనే కరగకపోయినా బతిమాలకండి. అన్నట్టు, గ్రూపులో “సారీ వదినా” అని పెట్టాలని మీకు అనిపిస్తుంది చూడండి, అది పెట్టారంటే ఆమె ఒంటి మీద మళ్లీ చర్చ మొదలవుతుంది. అదీ ఆమెను అడిగాకే.