తాళం నిజమైనదే, ఇల్లే వేరొకరిది

"మా నాన్నగారి ఫోన్‌కి ట్రాఫిక్ చలానా కట్టమని మెసేజ్ వచ్చింది. లింకు నొక్కితే అచ్చం పోలీసుల సైట్ లాగే ఉంది, పైన తాళం గుర్తు కూడా ఉంది. అది చూసే కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చేశారు. రూ.46 వేలు పోయాయి. 'తాళం ఉంటే సేఫ్ అని నువ్వే కదమ్మా చెప్పావు' అంటున్నారు. ఆ తాళం నకిలీదా?"
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

ముందు డబ్బు సంగతి చూడండి. ఇంకా చేయకపోతే ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి, cybercrime.gov.inలో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి మారిపోయే లోపు ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఈ జవాబు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక తాళం. అది నకిలీది కాదు. మోసగాడు గీసి పెట్టిన బొమ్మ కాదు, బ్రౌజర్ తనంతట తానే చూపించిన గుర్తు. అది చెప్పిన మాట కూడా నిజమే. మనం దానికి లేని అర్థం తగిలించుకున్నాం. మీ ఒక్కరి తప్పు కాదిది. బ్యాంకులు, పత్రికలు, మాలాంటి వాళ్ళం ఏళ్ల తరబడి "తాళం చూసుకోండి" అని చెబుతూ వచ్చాం. ఆ మాట వల్ల మీ నాన్నగారు నష్టపోయారంటే నాకు బాధగా ఉంది.

తాళం చెప్పేవి రెండే సంగతులు. ఒకటి, మీ ఫోన్‌కీ అవతలి సర్వర్‌కీ మధ్య వెళ్ళే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరు, మార్చలేరు. రెండు, ఆ అవతలి సర్వర్ అడ్రస్ బార్‌లో కనిపిస్తున్న పేరుకు చెందినదే. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఎవరు, పోలీసా దొంగా అన్నది తాళానికి తెలియదు. అంటే మీ నాన్నగారి కార్డు నంబరు దారిలో ఎవరి కంటా పడకుండా, భద్రంగా, నేరుగా దొంగ చేతికే చేరింది.

దొంగకు అంత సులువుగా తాళం ఎలా దొరికిందో తెలిస్తే విషయం పూర్తిగా అర్థమవుతుంది. అతను ముందు ఒక వెబ్ అడ్రస్ కొంటాడు. కొన్ని వందల రూపాయలు చాలు. దాన్ని అద్దె సర్వర్‌కు కలుపుతాడు. బ్రౌజర్ తాళం చూపించాలంటే సైట్‌కు సర్టిఫికెట్ అనే డిజిటల్ ధ్రువపత్రం ఉండాలి. తర్వాత వాటిని ఇచ్చే సంస్థను అడుగుతాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి వీటిని అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఆ సంస్థ కంప్యూటర్ అడిగేది ఒకే ఒక్క పరీక్ష: "ఈ అడ్రస్ నీదే అయితే, నేను చెప్పిన ఫైలును అందులో నేను చెప్పిన చోట పెట్టు." సైట్ అతనిదే కాబట్టి పెడతాడు. కంప్యూటర్ వచ్చి చూస్తుంది, ఫైలు ఉంటుంది, సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. కొద్ది నిమిషాల పని. మధ్యలో మనిషి ఎవరూ ఉండరు. ఆధార్ అడగరు, ఆ పేజీలో ఏముందో చూడరు.

ఇది ఆ సంస్థ తప్పు అని నేను అనుకోవడం లేదు. సర్టిఫికెట్లు ఉచితం కాబట్టే ఇవాళ చిన్న టిఫిన్ సెంటర్ సైట్‌లో కూడా మన ఫోన్ నంబరు దారిలో ఎవరికీ కనబడకుండా వెళుతోంది. అది పెద్ద మేలు. కాకపోతే అదే తాళం దొంగకు కూడా దక్కుతుంది.

ఇప్పుడు మీకు వచ్చిన లింకు లాంటిదాన్ని చదివి చూద్దాం. ఇది ఉదాహరణ కోసం నేను రాసిన అడ్రస్, ఇలాంటి సైట్ లేదు.

```
https://echallan.tspolice.gov.in.challan-pay.example/publicview
```

చూడగానే మన కన్ను echallan, tspolice, gov.in అన్న మాటల మీద ఆగిపోతుంది. కానీ అడ్రస్‌కు యజమాని ఎవరో ఎడమ వైపు నుంచి చదివితే తెలియదు. https:// తర్వాత వచ్చే మొదటి గీత / దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇక్కడ గీతకు ముందున్నది challan-pay.example. యజమాని కొన్నది అదే. దానికి ఎడమ పక్కన ఎన్ని మాటలైనా, ఏ మాటలైనా అతను ఉచితంగా తగిలించుకోవచ్చు. పోలీసుల పేరు అలా తగిలించినదే. గీత తర్వాత వచ్చేదీ అంతే, అతని ఇష్టం. అడ్రస్ నిజంగా పోలీసులదైతే ఆ గీతకు సరిగ్గా ముందు gov.in ఉండాలి. చివర ఉత్త .in ఉంటే సరిపోదు. .in అడ్రస్ ఎవరైనా కొనుక్కోవచ్చు. gov.in మాత్రం ప్రభుత్వ కార్యాలయాలకే ఇస్తారు.

ఫోన్‌లో ఇంకో చిక్కు ఉంది. తెర చిన్నది కాబట్టి పొడుగు అడ్రస్ పూర్తిగా కనబడకపోవచ్చు. అడ్రస్ మీద ఒకసారి నొక్కి, వేలితో జరిపి, ఆ మొదటి గీత దాకా చూడాలి.

కంప్యూటర్‌లో అయితే సర్టిఫికెట్‌నే తెరిచి చూడవచ్చు. క్రోమ్‌లో అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి, Connection is secure మీద, తర్వాత Certificate is valid మీద నొక్కండి. Organization దగ్గర Not Part Of Certificate అని ఉంటే, సైట్ నడిపేది ఎవరో ఆ సర్టిఫికెట్ చెప్పడం లేదని అర్థం. అంతమాత్రాన దొంగ సైట్ అనుకోకండి, నిజాయితీగల సైట్లలోనూ చాలావాటికి అలాగే ఉంటుంది. అందులో ఉన్న తేదీని బట్టి కూడా నిర్ణయానికి రాలేం. మంచి సైట్లు కూడా తరచుగా సర్టిఫికెట్ మార్చుకుంటాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఇన్నేళ్లూ 90 రోజులకే ఇస్తూ వచ్చింది.

అంతకంటే పనికొచ్చేది పాత చరిత్ర. బ్రౌజర్లు నమ్మాలంటే సర్టిఫికెట్లను బహిరంగ చిట్టాల్లో నమోదు చేయాల్సిన పద్ధతి ఇప్పుడు ఉంది. క్రోమ్ 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్లకు దీన్ని తప్పనిసరి చేసింది. crt.sh అనే సైట్‌లో అడ్రస్ కొడితే ఆ పేరు మీద ఎప్పుడెప్పుడు సర్టిఫికెట్లు తీసుకున్నారో వరసగా వస్తుంది. నిజమైన ప్రభుత్వ సైట్‌కు ఏళ్ల నాటి నమోదులు కనిపిస్తాయి. దొంగ అడ్రస్‌కు మొదటి నమోదు తరచుగా మెసేజ్ వచ్చిన రోజుకు కాస్త ముందే ఉంటుంది. మీకు వచ్చిన అడ్రస్‌ను అక్కడ కొట్టి చూడండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను ఫిర్యాదుకు జత చేయండి. మెసేజ్‌ను మాత్రం డిలీట్ చేయకండి.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక మంచి మార్పు చెప్పాలి. బ్యాంకులన్నీ తమ సైట్లను bank.in అనే చివరి పేరు కిందకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో ఆదేశించింది, అక్టోబర్ 31 దాకా గడువిచ్చింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంక్ నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాళ్ళకు అక్కడ పేరు దొరకదు. తాళం చేయలేని పనిని ఈ చివరి పేరు చేస్తుంది: అడుగుతున్నది ఎవరో ముందే చూసి ఇస్తుంది. చదివే పద్ధతి మాత్రం అదే. మొదటి గీతకు సరిగ్గా ముందు bank.in ఉండాలి, మధ్యలో ఎక్కడో ఉంటే లెక్కలోకి రాదు.

పేరు సరిగ్గా ఉన్నా ఒక హద్దు ఉంది. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లోకి చొరబడిన దొంగలు అసలు పేజీలోనే తమ కోడ్ దూర్చి కార్డు వివరాలు లాగేశారు. అడ్రస్ అసలుదే, తాళం అసలుదే. ఆ వివరాలు చేరిన baways.com అనే దొంగ సైట్‌కు కూడా సర్టిఫికెట్ ఉంది. సైట్ లోపల ఏం జరుగుతోందో తాళం చూడదు. అందుకే చివరి కాపలా ఓటీపీ మెసేజ్. అందులో సాధారణంగా ఎంత మొత్తం, ఎవరికి అన్నది రాసి ఉంటుంది. రూ.200 చలానాకు రూ.46 వేల ఓటీపీ వచ్చిందంటే అక్కడే ఆగిపోవాలి. నాన్నగారికి ఇకపై తాళం గురించి కాకుండా ఇది చెప్పండి.

ఆయన ఫోన్‌లో క్రోమ్ అప్‌డేట్ చేస్తే తాళం కనబడకపోవచ్చు, టెన్షన్ పడొద్దు. గూగుల్ 2021లో చేసిన పరిశీలనలో తాళం అసలు అర్థం 11 శాతం మందికే సరిగ్గా తెలుసని తేలింది. అందుకే 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 117వ వెర్షన్ నుంచి దాని స్థానంలో రెండు చిన్న గీతల మీద చుక్కలున్న గుర్తు పెట్టారు. సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

"అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నాను. హాస్టల్ వైఫైలో బ్యాంకు సైట్ తెరిస్తే మా వార్డెన్‌కు పాస్‌వర్డ్ కనిపిస్తుందా?"
– ఒక పాఠకుడు, హైదరాబాద్

కనిపించదు. తాళం నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. మీరు ఏ బ్యాంకు సైట్‌కు వెళ్ళారన్నది వైఫై నడిపేవాళ్ళకు తెలియవచ్చు. లోపల ఏ పేజీ తెరిచారు, పాస్‌వర్డ్ ఏం కొట్టారు, ఖాతాలో ఎంత ఉంది అన్నవి తెలియవు. మధ్యలో ఎవరైనా దొంగ బ్యాంకు పేజీ పెట్టాలని చూసినా, బ్యాంకు పేరు మీద సర్టిఫికెట్ వాళ్ళ దగ్గర ఉండదు కాబట్టి బ్రౌజర్ Your connection is not private అని పేజీనే ఆపేస్తుంది. అది వస్తే Advanced నొక్కి ముందుకు వెళ్ళకండి. మొబైల్ డేటాకు మారి చూడండి. అక్కడ రాకపోతే లోపం ఆ వైఫైలోనే ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవద్దు. వైఫై కావాలంటే ఫోన్‌లో ఫలానా సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోమని ఎవరైనా అడగవచ్చు. అది చేస్తే వాళ్ళు ఏ సైట్ పేరుకైనా సొంతంగా సర్టిఫికెట్ తయారు చేసుకోగలరు, మీ బ్రౌజర్ దాన్ని నమ్మేస్తుంది. తాళం ఉన్నట్టే ఉంటుంది, పాస్‌వర్డ్ వాళ్ళకు కనిపిస్తుంది. ఇప్పటికే చేసి ఉంటే, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో credentials అని వెతికి, Trusted credentials తెరిచి, User విభాగంలో కనిపించే ఆ సర్టిఫికెట్‌ను తీసేయండి. ఆ తర్వాత మొబైల్ డేటా మీద బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోండి.